పెట్టె, చాలు, తాళం: ఒక సెస్టీనా రాసిన డైరీ

1వ రోజు

ఈ వేసవిలో తెలుగులో ఒక సెస్టీనా రాయాలని కూర్చున్నాను. ముప్పై తొమ్మిది పంక్తుల కవిత. ఆరేసి పంక్తులతో ఆరు చరణాలు, చివర మూడు పంక్తుల ముగింపు. (చరణం అంటే ఇక్కడ పాటలో చరణం అన్న అర్థంలో వాడుతున్నాను, పద్యపాదం అని కాదు.) ప్రాస అక్కర్లేదు. దాని బదులు మొదటి చరణంలో పంక్తుల చివర ఏ ఆరు మాటలు వస్తాయో, మిగతా ఐదు చరణాల్లోనూ పంక్తుల చివర ఆ ఆరే రావాలి. వరస మాత్రం ప్రతిసారీ మారుతుంది.

వరస మార్చే పద్ధతి చేత్తో చేస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఆరు కాగితం ముక్కల మీద 1 నుంచి 6 దాకా రాసి నిలువుగా పేర్చాను. అడుగున ఉన్నది ముందు తీయాలి, తర్వాత పైనున్నది, మళ్ళీ అడుగుది, మళ్ళీ పైది. అలా రెండు కొసల నుంచీ లోపలికి వస్తే 6 1 5 2 4 3 అవుతుంది. అది రెండో చరణం. దాన్ని మళ్ళీ అలాగే తీస్తే మూడోది 3 6 4 1 2 5. తర్వాత 5 3 2 6 1 4, ఆ తర్వాత 4 5 1 3 6 2, ఆరోది 2 4 6 5 3 1. ఇంకోసారి తీస్తే మళ్ళీ 1 2 3 4 5 6 వచ్చేస్తుంది. అంటే చక్రం సరిగ్గా మూసుకునే ముందు కవిత ఆగుతుంది.

పన్నెండో శతాబ్దం చివర దక్షిణ ఫ్రాన్సులో, ఆక్సిటన్ భాషలో రాసిన ఆర్నో డానియెల్ అనే కవి దీనికి ఆద్యుడు. ఆయన తీసుకున్న ఆరు మాటలు: ప్రవేశించు, గోరు, ఆత్మ, బెత్తం, మామ, గది. ప్రేమ కవితలో ఏడుసార్లు మామ రావాలి! రాసుకున్నాక తప్పించుకోలేడు కదా. అందుకే ఒకచోట "మా మామ తోబుట్టువుని కూడా ఇంతగా ప్రేమించలేదు" అంటాడు. అక్కడి మాట లాటిన్లో మేనమామకు వాడే మాట నుంచి వచ్చింది. మేనమామ తోబుట్టువు ఎవరు? అమ్మ. అమ్మ కన్నా ఎక్కువగా నిన్ను ప్రేమించాను అని సూటిగా చెప్పే వీలు లేక, మామ మీదుగా తిరిగి అమ్మ దగ్గరికి వెళ్ళాడు. మేనమామ వరసలో పెరిగిన మనకు ఈ పొడుపుకథ చప్పున విడిపోతుంది. ఆ పంక్తి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ మాటని ఆయన ఎంచుకోవడం ఒక్కసారే జరిగింది. తర్వాత ఆ మాటే ఆయన్ని నడిపించింది.

2వ రోజు

ఆరు ఎందుకు, నాలుగుతో చేస్తే పని తగ్గదా అనుకుని నాలుగు ముక్కలతో ప్రయత్నించాను. 4 1 3 2 వచ్చింది. మూడోది మూడో చోటే ఉంది. మళ్ళీ తీశాను: 2 4 3 1. మూడోది కదల్లేదు. అంటే ఆ మాట ప్రతి చరణంలోనూ అదే పంక్తి చివర వచ్చి కూర్చుంటుంది, పాటలో పల్లవిలాగా. అప్పుడు చదివేవాళ్ళు దాని కోసం ఎదురుచూస్తారు, వచ్చినప్పుడు హాయిగా ఉంటుంది. సెస్టీనాలో ఆ హాయి ఉండకూడదు. మాట మళ్ళీ వస్తుందని తెలుసు, ఎక్కడ వస్తుందో మాత్రం చెవికి తెలియదు. ఆరు మాటలతో చేస్తే ప్రతి మాటా ఆరు చోట్లలోనూ ఒక్కొక్కసారి కూర్చుంటుంది. మూడు, ఐదు కూడా కుదురుతాయి. ఏడు మళ్ళీ కుదరదు, ఐదో ముక్క కదలదు.

3వ రోజు

మొదటి ఆరు మాటలు: ప్రేమ, కాలం, మౌనం, జ్ఞాపకం, చీకటి, కల. రెండు చరణాలు గంటలో వచ్చేశాయి. అంత సులువుగా వచ్చేసరికే అనుమానం వచ్చింది.

ఒక పరీక్ష పెట్టుకున్నాను. "మౌనంలో మునిగిన కాలం, చీకటిలో వెలిగిన జ్ఞాపకం" అని రాశాను కదా. మాటల్ని అటూ ఇటూ మార్చాను: "కాలంలో మునిగిన మౌనం, జ్ఞాపకంలో వెలిగిన చీకటి". ఏమీ పోలేదు. మొదటిది ఎంత లోతుగా వినిపించిందో రెండోదీ అంతే. ఇలాంటి మాటలు ఏ మాట పక్కన పడేసినా సర్దుకుపోతాయి. ఒకదాన్నొకటి అడ్డుకోవు, కాబట్టి రాసేవాళ్ళని ఇరికించవు. ముప్పై తొమ్మిది పంక్తులూ మంచులో నడిచినట్టు నడిచి బయటికి వచ్చేయొచ్చు. రెండు చరణాలూ తీసేశాను.

అమెరికన్ కవయిత్రి ఎలిజబెత్ బిషప్ రాసిన సెస్టీనాలో ఆరు మాటలు చూడండి: ఇల్లు, అమ్మమ్మ, పాప, పొయ్యి, పంచాంగం, కన్నీళ్ళు. (ఆమెది అమెరికన్ రైతుల ఆల్మనాక్, మన పంచాంగం లాంటిదే.) ఐదు వంటింట్లో కనబడేవి, ఆరోది మాత్రం ఎందుకు వచ్చిందో చెప్పదు. అమ్మానాన్నల ఊసే ఆ కవితలో ఎక్కడా రాదు. కన్నీళ్ళు మాత్రం తిరిగి తిరిగి వస్తూ ఒకసారి పాప గీసిన బొమ్మలో మనిషి చొక్కా గుండీలవుతాయి, ఒకసారి తోటలో నాటేవి అవుతాయి. లేనివాళ్ళ చుట్టూ ఆరు వస్తువులు ప్రదక్షిణ చేస్తున్నట్టుంటుంది.

5వ రోజు

అలా ప్రదక్షిణ చేయించదగ్గది నాకు ఒకటే ఉంది. నాన్న పోయాక మేము తెరవని రేకు పెట్టె.

మొదటి జాబితా: పెట్టె, ఇల్లు, నాన్న, వాన, చెయ్యి, తాళం. ఇందులో ఇల్లు కుదరలేదు. మిగతా ఐదూ ఇంట్లోనే ఉంటాయి, కాబట్టి ఏది పక్కన వచ్చినా సంబంధం ఒక్కటే: ఇంట్లో పెట్టె, ఇంట్లో నాన్న, ఇంటి తాళం. అన్నిటినీ మింగే మాట పనికిరాదు. దాని బదులు చాలు తీసుకున్నాను. నాగలి చాలు. సరిపోతుంది అనే చాలు కూడా అదే రూపం. (మా ఊళ్ళో పెద్దవాళ్ళు రెండిటినీ సాలు అనే అంటారు.)

ఇంకో రెండు మాటలకు కూడా ఈ రెండు ముఖాలున్నాయని అప్పుడే గమనించాను. చెయ్యి అంటే హస్తం, పని చెయ్యి అనడం కూడా. తాళం తలుపుకీ పడుతుంది, భజనలోనూ పడుతుంది. పైగా రెండిటికీ మనం "తాళం వెయ్యడం" అనే అంటాం. మా నాన్న శనివారం భజనలో తాళం వేసేవాడు.

మన అలంకారశాస్త్రంలో దీనికి రెండు పేర్లున్నాయి. ఒకే మాట వేరే అర్థంలో తిరిగి వస్తే యమకం. అర్థం మారకుండా తాత్పర్యం మారితే లాటానుప్రాసం, పోతన "కరములు కరములు" అన్నట్టు. రెండో కరములు కూడా చేతులే, కానీ అవే అసలైన చేతులు అని. సెస్టీనాకి రెండూ కావాలి. యమకం ఊపిరి తీసుకునే చోటు ఇస్తుంది. అన్నిసార్లూ యమకమే వాడితే మాత్రం అది మాటల గారడీ అవుతుంది, ఉచ్చు వదులైపోతుంది. అందుకని నాన్న, వాన, పెట్టె ఎప్పుడూ ఒకే అర్థంలో ఉండాలని, మిగతా మూడే అర్థం మార్చుకోవచ్చని నియమం పెట్టుకున్నాను.

6వ రోజు

ఆరు మాటల్లో దేనికి ఏ నంబరు? ఇది తోచినట్టు ఇచ్చేది కాదని రోజంతా కూర్చుంటే తెలిసింది.

ఒక చరణం చివరి మాటే తర్వాతి చరణం మొదటి పంక్తి చివర వస్తుంది. అంటే వెంటవెంటనే రెండు పంక్తులు ఒకే మాటతో ముగుస్తాయి. మన ముక్తపదగ్రస్తానికి ఇది దగ్గర చుట్టం. అక్కడ విడిచిన మాటతో తర్వాతి పాదం మొదలవుతుంది, ఇక్కడ విడిచిన మాట దగ్గరికే తర్వాతి పంక్తి నడిచి వెళ్ళి ఆగాలి. అలాంటి అతుకులు ఐదున్నాయి. వరసలో చూస్తే అక్కడ నిలబడేవి 6, 3, 5, 4, 2. ఒకటో నంబరు మాటకు మాత్రం ఈ జంట మోత ఎప్పుడూ రాదు. అది కవితలో మొట్టమొదటి పంక్తి చివర ఉంటుంది, ఆరో చరణం ఆఖరి పంక్తి చివర ఉంటుంది. మొత్తం చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని ఉండేది అదే.

కాబట్టి 1 పెట్టె. రెండు అర్థాలున్న మూడు మాటలూ అతుకుల దగ్గర పడితే అక్కడ అర్థం తిప్పుకోవచ్చు: 6 చెయ్యి, 3 తాళం, 2 చాలు. మిగిలినవి 4 వాన, 5 నాన్న.

8వ రోజు

మొదటి చరణం:

అటక మీంచి దించాం రేకు పెట్టె.
అమ్మ అంది: తుడిచి పెట్టండి, చాలు.
తుప్పు పట్టి బిగుసుకుంది తాళం.
పెంకుల మీద సన్నగా వాన.
చుట్టాలు వెళ్ళిపోయారు. ఇంకా వెళ్ళలేదు నాన్న.
గొళ్ళెం దగ్గరే ఆగింది నా చెయ్యి.

ఐదో పంక్తి మీద నమ్మకం ఉంది. మిగతావాటిలో ఒక దోషం గట్టిగా వినిపిస్తోంది. ప్రతి పంక్తీ అక్కడే అయిపోతోంది, ఆరు మేకులు కొట్టినట్టు. దీనికి కారణం మన వాక్యం. తెలుగులో వాక్యం చివర క్రియ వస్తుంది. నామవాచకాన్ని చివరికి తేవాలంటే "బిగుసుకుంది తాళం" అని తిప్పి చెప్పాలి. ఒకసారి బాగుంటుంది. ముప్పై ఆరుసార్లు తిప్పితే నాటకం డైలాగులా ఉంటుంది.

విభక్తి చేర్చి తప్పించుకుందామా? పెట్టెలో, పెట్టెకి, పెట్టె మీద అని పంక్తులు ముగిస్తే? చేసి చూశాను, పైకి చదివాను. చెవికి పెట్టె వినబడలేదు. లో, కి, మీద వినబడ్డాయి. ఇంగ్లీషులో ఆ చిన్న మాటలు నామవాచకానికి ముందు వస్తాయి కాబట్టి అసలు మాట చివర ఒంటరిగా మోగుతుంది. మనకు అవి వెనక అతుక్కుంటాయి, మోతనంతా అవే తీసుకుంటాయి. కాబట్టి మాట విడిగానే ఉండాలి. చాళ్ళు, చేతులు అని బహువచనం కూడా వద్దు.

దారి ఇంకోటి దొరికింది. ప్రాణం లేని వస్తువు కర్మగా ఉన్నప్పుడు తెలుగులో విభక్తి అక్కర్లేదు. "పెట్టె ఈడ్చాను" అంటాం. అలాగే "పెట్టె లోపల", "తాళం లాగా" అన్నప్పుడు మాట రూపం మారదు. అంటే పెట్టె దగ్గర పంక్తి విరిచి, వాక్యాన్ని తర్వాతి పంక్తిలోకి పోనివ్వొచ్చు. చెయ్యి అయితే చేతికి, చేతిలో అని మారిపోతుంది, దాన్ని కర్తగానే వాడాలి. నాన్నకీ అంతే, కర్మ అయితే నాన్నని అవుతుంది. ఆయన ఈ కవితలో ఎప్పుడూ కర్తగానే ఉంటాడన్నమాట. పోయిన మనిషి ప్రతి వాక్యంలోనూ ఏదో ఒకటి చేస్తూనే ఉండాలి. ఇది నేను అనుకుని పెట్టింది కాదు, వ్యాకరణం పెట్టింది.

10వ రోజు

రెండో చరణం ఈ విరుపుతో రాశాను:

తమ్ముడన్నాడు: ఊరికే చూడకు, ఏదో ఒకటి చెయ్యి,
సుత్తి తేనా, పగలగొడదామా పెట్టె?
కోపంలోనూ దేన్నీ పగలగొట్టలేదు నాన్న;
రాయి తగిలితే నాగలి ఎత్తి, పక్కన కొత్త చాలు
మొదలెట్టేవాడు. చూరు దాకా దిగిన వాన
మా ముగ్గురినీ లోపలే ఉంచి వేసింది తాళం.

అక్కడి నుంచి మూడో చరణం మొదటి పంక్తి: "శనివారం భజనలో ఆయన వేసేవాడు తాళం". పన్నెండో పంక్తిలో ఇంటికి పడిన తాళం పదమూడో పంక్తిలో భజనలో మోగింది. నంబర్లు ఇచ్చిన రోజు ఇది ఇక్కడ వస్తుందని తెలుసు, అయినా రాసినప్పుడు ఒళ్ళు జలదరించింది.

13వ రోజు

మూడో చరణంలో పెట్టె, చాలు పక్కపక్క పంక్తుల్లో రావాలి. మూడు రోజులు అక్కడే ఉన్నాను. పొలంలో ఉండేది చాలు, అటక మీద ఉండేది పెట్టె. సరిపోతుంది అనే అర్థం వాడదామంటే మొదటి చరణంలో అదే వాడాను.

అసలు ఏ మాట పక్కన ఏ మాట ఎన్నిసార్లు వస్తుందో చూద్దామని కాగితం మీద జంటలన్నీ రాశాను. ఆరు మాటలకు జంటలు పదిహేను. ఒక్కో చరణంలో పక్కపక్క పంక్తుల జంటలు ఐదు, ఆరు చరణాలకు ముప్పై. టిక్కులు పెట్టుకుంటూ వెళ్ళాను. ప్రతి జంటకూ సరిగ్గా రెండు టిక్కులు పడ్డాయి. ఒక్కటీ మూడుసార్లు రాలేదు, ఒక్కటీ తప్పిపోలేదు. నమ్మలేక రెండోసారి లెక్కపెట్టాను. పెట్టె, చాలు ఒకటో చరణంలో ఒకసారి, మూడులో ఒకసారి. వాన, చెయ్యి మూడులో, ఆరులో. అలా అన్నీ.

ఇన్నాళ్ళూ సెస్టీనా బంధించేది మాటలు తిరిగి రావడం వల్ల అనుకున్నాను. అది సగమే. పల్లవి కూడా తిరిగి వస్తుంది, ఎవరినీ బంధించదు. ఇక్కడ ప్రతి మాటా మిగతా ఐదు మాటల పక్కనా రెండేసిసార్లు నిలబడాలి. ఏ రెండు మాటలకు సంబంధం లేదని మనం అనుకుంటామో వాటి మధ్యకీ తీసుకెళ్ళి నిలబెడుతుంది. ఒక జంటని మాత్రం వదిలేసి ముందుకు పోదామంటే కుదరదు. ఒకే విషయం పట్టుకుని రాత్రంతా నిద్రపట్టనివాళ్ళ ఆలోచన కూడా ఇలాగే తిరుగుతుంది. కొత్త మాట ఏదీ లోపలికి రాదు. ఉన్నవే ఒకదానితో ఒకటి కలుస్తూ, ఈసారి ఇది కారణమా, ఆసారి అది కారణమా అని తిరుగుతూ ఉంటాయి.

సాయంత్రం మళ్ళీ ఆ పంక్తుల దగ్గరికి వచ్చాను. పెట్టెని అటక నుంచి దించాక ఏం చేశాం? వెలుతురు కోసం గుమ్మం దగ్గరికి ఈడ్చాం. బరువు. మట్టి నేల. గీత పడింది.

గోడ వారన చీకట్లో ఉన్న పెట్టె
ఈడ్చి తెచ్చిన దారంతా నేల మీద ఒక చాలు;
విత్తనాలు పట్టుకుని వెనక నడవడానికి లేడు నాన్న.

ఆ గీత నిజంగా పడింది. అమ్మ మర్నాడు అలికేసింది కూడా. ఈ జంట ఎదురు నిలబడకపోతే నాకు గుర్తొచ్చేది కాదు.

17వ రోజు

నాలుగో చరణంలో నాన్న, తాళం, చాలు వరసగా మూడు పంక్తుల చివర వస్తాయి.

పొలం అమ్మిన రోజు మాట్లాడలేదు నాన్న.
ఆ సాయంత్రమే సంతలో కొన్నాడు ఈ తాళం.
అడిగితే అన్నాడు: ఉన్నది దాచుకుంటే చాలు.
ఆ మాట అనేటప్పుడు వణికింది చెయ్యి.
అప్పటిదాకా మూతే లేనట్టు తెరిచి ఉండేది పెట్టె;
అప్పటిదాకా మా పొలం కోసమే కురిసేది వాన.

పొలం సంగతి ఈ కవితలోకి తేవాలని నేను అనుకోలేదు. ఇంట్లో దాని గురించి మాట్లాడుకోం. తమ్ముడికి ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అక్కా, తాళం పొలం కంటే ముందే కొన్నాడు, నేనూ ఉన్నాను సంతలో" అన్నాడు. కావచ్చు. నా జాబితాలో తాళం, నాన్న, చాలు పక్కపక్కన వచ్చినప్పుడు వాటి మధ్య నాకు కనబడిన దారి ఇది. ఉంచేశాను. వాడూ తీసెయ్యమనలేదు.

20వ రోజు

ఐదో చరణం. చాలా సెస్టీనాలు ఇక్కడే సొమ్మసిల్లుతాయి, నాదీ అదే దారి పట్టింది. ఇప్పటికి ఒక్కో మాట నాలుగుసార్లు వచ్చేసింది. చదివేవాళ్ళకి పంక్తి సగంలోనే చివరి మాట తెలిసిపోతుంది.

దీనికి లెక్కలో ఒక కారణం ఉంది. ఒక చరణం ఐదో పంక్తి మాట తర్వాతి చరణంలో మూడో పంక్తికి వస్తుంది. అంటే నాలుగు పంక్తుల్లోనే తిరిగి వచ్చేస్తుంది. అతుకు దగ్గర వెంటనే వచ్చేదాన్ని పక్కన పెడితే అన్నిటికంటే దగ్గరి దూరం ఇదే. మిగతావన్నీ ఏడు నుంచి తొమ్మిది పంక్తుల దూరంలో వస్తాయి. ఇక్కడ ఆ దగ్గరి మాట పెట్టె. ఇరవై మూడో పంక్తిలో "తెరిచి ఉండేది పెట్టె", ఇరవై ఏడో పంక్తిలో మళ్ళీ పెట్టె. మొదటి రెండు ప్రతుల్లో రెండో పెట్టె వట్టి ప్రతిధ్వనిలా పడింది.

నేర్చుకున్నది ఏమిటంటే, అంత దగ్గరగా వచ్చే మాట దగ్గర పంక్తి ఆగకూడదు. దాని మీదుగా వాక్యం దాటిపోవాలి. చెవి దాన్ని పట్టుకునేలోపు అర్థం ముందుకు వెళ్ళిపోతుంది.

తెల్లవారుజామున వెలిసింది వాన.
సుత్తి దొరకలేదు, ఎక్కడ పెట్టాడో నాన్న.
చెవి ఆనించి మెల్లగా కదిపితే, పెట్టె
లోపల ఏదో జారింది, తప్పిన తాళం
లాగా. మళ్ళీ గొళ్ళెం దాకా వెళ్ళింది చెయ్యి.
అమ్మ వచ్చి పక్కన కూర్చుని అంది: ఇక చాలు.

రెండు విరుపులు వెంటవెంటనే రావడం వల్ల ఈ చరణంలో నడక కొంచెం తూలుతుంది. రాత్రంతా మేలుకున్నవాళ్ళ నడకలాగా. దాన్ని సరిచేయలేదు.

22వ రోజు

ఆరో చరణం ఒక్క పూటలో వచ్చింది. పెట్టెకి ఒకటో నంబరు ఇచ్చినప్పుడే చివరి పంక్తి ఎక్కడికి చేరాలో నిర్ణయమైపోయింది.

తెరవకపోయినా కళ్ళ ముందుంటే చాలు.
వచ్చే ఏడూ ఇదే నెలలో పడుతుంది వాన;
మళ్ళీ తుప్పు తుడవడానికి కావాలి ఒక చెయ్యి.
ఏం దాచాడో చెప్పకుండా దాచాడు నాన్న;
ఎందుకో చెప్పకుండానే పడి ఉంటుంది తాళం.
చెరో వైపూ పట్టి అటక ఎక్కించాం పెట్టె.

మొదటి పంక్తిలో దించింది ముప్పై ఆరో పంక్తిలో ఎక్కింది. ఏడో చరణం అంటూ ఉంటే మళ్ళీ పెట్టె, చాలు, తాళం అదే వరసలో మొదలవ్వాలి. మళ్ళీ దించాలి.

పెట్టె తెరిచి ముగిద్దామని నాకు చాలా కోరికగా ఉండింది. రెండు రకాలుగా రాసి చూశాను. తెరిస్తే లోపల ఏదో ఒకటి ఉండాలి, ఆ వస్తువుకి ఒక పేరు ఉండాలి. ముప్పై ఐదు పంక్తుల దాకా ఆరు మాటలతో నడిచిన కవితలోకి ఏడో బరువైన మాట వచ్చి పడుతుంది. అది పాత ఉత్తరమైనా, పట్టా కాగితమైనా, చదివేవాళ్ళు దాని కోసమే ఇదంతా అనుకుంటారు. అప్పుడు మిగతా ఆరూ దాని చుట్టూ ప్యాకింగు అయిపోతాయి.

23వ రోజు

చివరి మూడు పంక్తులు. ఒక్కో పంక్తిలో రెండేసి మాటలు, ఒకటి మధ్యలో, ఒకటి చివర. వరస మీద రకరకాల అలవాట్లున్నాయి, నేను 2-5, 4-3, 6-1 తీసుకున్నాను. ఇంతసేపూ పంక్తుల చివర దూరదూరంగా ఉన్నవి ఇక్కడ ఒకే పంక్తిలో పక్కకు చేరతాయి.

దున్నని చాలు వెంట నడుస్తున్నాడు నాన్న;
పెంకుల మీద వాన వేస్తోంది తాళం;
చప్పుడు లేకుండా నా చెయ్యి, కింద పెట్టె.

రెండో పంక్తిలో వాన తలుపుకి వేస్తోందా, భజనకి వేస్తోందా? రెండూ ఒకే మాటలో ఉండేలా తాళాన్ని అన్నాళ్ళు కాపాడుకుంటూ వచ్చాను.

26వ రోజు

అమ్మకి మొత్తం చదివి వినిపించాను. పొలం దగ్గర తల వంచుకుంది. ఐదో చరణం చివరికి వచ్చేసరికి "నేను అలా అనలేదే" అంది.

ఏమన్నావమ్మా అని అడిగాను.

"పొద్దున్నే చూద్దాం లే, పడుకో అన్నాను."

ఆ మాట కవితలో ఉన్నదానికంటే బాగుంది. రాత్రంతా దాని కోసం చోటు వెతికాను. ముప్పయ్యో పంక్తి చాలుతోనే ముగియాలి, ముప్పై ఒకటోది కూడా. పడుకో అనే మాటకి ఈ ఆరింట్లో చోటు లేదు.